కోర్టు కేసు నష్టం: ఎప్పుడు నోట్స్‌లో చెప్తే చాలు, ఎప్పుడు ప్రొవిజన్ పెట్టాలి

సంవత్సరాంతం లెక్కలు మూసే టైమ్‌లో మీద కేసు ఉన్న ప్రతి కంపెనీలోనూ ఒక మాట వినిపిస్తుంది: "కేసు ఇంకా నడుస్తూనే ఉంది కదా, తీర్పు వచ్చాక చూద్దాం, అప్పటిదాకా కంటింజెంట్ లయబిలిటీ అని కింద నోట్స్‌లో ఒక లైను రాసేయండి." సగం కంపెనీల్లో అలాగే రాసేస్తారు కూడా. కానీ కేసు నడుస్తోందా, ముగిసిందా అన్నదాన్ని బట్టి ఇది తేలదు. తీర్పు రాకముందే పూర్తి మొత్తాన్ని ఖర్చుగా, కట్టాల్సిన బాధ్యతగా లెక్కల్లోనే రాయాల్సిన, అంటే ప్రొవిజన్ పెట్టాల్సిన కేసులు ఉంటాయి, కింది కోర్టులో ఓడిపోయాక కూడా నోట్స్‌తో సరిపెట్టగలిగినవీ (అరుదుగానే అయినా) ఉంటాయి. మీ దగ్గర ఒక దావా ఉండి ఎటు వేయాలో తేలక కూర్చుంటే ఏ వరుసలో ఆలోచించాలో చెప్తాను. నేను పట్టుకునేది అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 37. అమెరికా పద్ధతి ఎక్కడ వేరు పడుతుందో మధ్యలో చెప్తాను.

గాలిలో చెప్తే అర్థం కాదు కాబట్టి ఒక కేసు తీసుకుందాం, నేను కల్పించిందే. ఒక కంపెనీ పంపుల్లో వాడే సీళ్లు తయారుచేసి ఒక రసాయనాల ప్లాంటుకు అమ్మింది. ఆగస్టులో అక్కడ పంపులు లీకయ్యాయి. అక్టోబరులో ఆ ప్లాంటు వాళ్లు 90 లక్షలకు దావా వేశారు. అందులో పాడైన సీళ్ల బదులు కొత్తవి ఇవ్వడానికి 12 లక్షలు, కారిన రసాయనం శుభ్రం చేయించిన ఖర్చు 18 లక్షలు, ప్లాంటు ఆగిపోయినందువల్ల పోయిన లాభం అంటూ 60 లక్షలు. కంపెనీ లెక్కల సంవత్సరం డిసెంబర్ 31న ముగుస్తుంది, బోర్డు లెక్కలను ఆమోదించేది మార్చి 20న. ఈ రెండు తేదీలూ గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తాయి.

మొదట: ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది

ముందు చూడాల్సింది దావా వేసిన తేదీ కాదు, దావాకు కారణమైన సంఘటన తేదీ. ఇక్కడ లీకు ఆగస్టులోనే అయింది. ఒకవేళ ఆ ప్లాంటు వాళ్లు డిసెంబర్ లోపల దావా వేయకుండా ఫిబ్రవరిలో వేసినా మన ఆలోచన మారదు, ఎందుకంటే బాధ్యత అంటూ ఉంటే అది పుట్టింది ఆగస్టులో. "ఇంకా నోటీసు కూడా రాలేదు కదా" అని లెక్కల్లోంచి పూర్తిగా వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. నోటీసు రాకపోయినా, జరిగినదాన్ని బట్టి వస్తుందని మీకు తెలిసినప్పుడు దాన్ని కూడా ఇదే జల్లెడలో వేయాలి.

దీనికి తిరగేసిన కేసు కూడా ఉంది. లీకు జనవరి 10న జరిగి, లెక్కలు మార్చిలో ఆమోదం పొందుతుంటే, డిసెంబర్ 31 నాటికి ఏ బాధ్యతా లేదు. దానికి ఆ సంవత్సరం ప్రొవిజన్ పెట్టకూడదు, మొత్తం పెద్దదైతే బ్యాలెన్స్ షీట్ తేదీ తర్వాత జరిగిన సంఘటనగా నోట్స్‌లో చెప్పాలి, అంతే.

తర్వాత: దావాను ముక్కలు చేయండి

90 లక్షలు అన్న అంకెను ఒక్క ముద్దగా చూస్తే ఎప్పటికీ తేలదు. "90 లక్షలు ఓడిపోతామా?" అని లాయరును అడిగితే "కష్టమండీ, అంత ఇవ్వరు" అంటారు, మీరు దాన్ని నోట్స్‌లోకి తోసేస్తారు, అక్కడే తప్పు జరిగిపోతుంది. దావాలో ఒక్కో కోరిక ఏ ప్రశ్న మీద ఆధారపడి ఉందో చూడండి.

మన కేసులో 12 లక్షల ముక్క వారంటీకి సంబంధించింది. సీళ్లు ఆర్డరులో చెప్పిన కొలతల్లో లేవు కాబట్టి కొత్తవి ఇస్తామని కంపెనీ నాణ్యత విభాగం సెప్టెంబరులోనే ఈమెయిల్ పెట్టేసింది. అంటే లీకుకు కారణం ఏదైనా సరే, ఈ ముక్కలో వాదించడానికేం మిగల్లేదు. 18 లక్షల ముక్క మాత్రం లీకుకు కారణం సీలా, లేక ప్లాంటు వాళ్లు పంపును తప్పుగా బిగించారా అన్నదాని మీద నిలబడి ఉంది, ల్యాబ్ రిపోర్టు ఇంకా రాలేదు. 60 లక్షల ముక్కకు వచ్చేసరికి, కొనుగోలు ఒప్పందంలో పోయిన లాభాలకు అమ్మినవాళ్లు బాధ్యులు కారని స్పష్టంగా రాసుంది. కాబట్టి అక్కడ ప్రశ్న ఆ షరతు కోర్టులో నిలుస్తుందా లేదా అని.

ఒక జాగ్రత్త చెప్పాలి. ముక్కలు చేయడం అంటే మీకు ఇష్టం లేని భాగాన్ని పక్కకు తోయడం కాదు. మూడు కోరికలూ ఒకే ప్రశ్న మీద ఆధారపడి ఉంటే, ఉదాహరణకి అన్నీ లీకుకు కారణం ఎవరన్నదాని మీదే తేలేవైతే, అప్పుడు విడగొట్టి ఒక్కోదానికి ఒక్కో కథ చెప్పడం కుదరదు, ఆ ఒక్క ప్రశ్నకు జవాబు తేల్చి అన్నింటికీ అదే వర్తింపజేయాలి.

లాయరు నుంచి పనికొచ్చే ఉత్తరం రాబట్టడం

నిజం చెప్పాలంటే పనంతా ఇక్కడే ఉంది. మిగతావన్నీ కూడికలు, తీసివేతలు.

లాయర్లు సాధారణంగా రాసే ఉత్తరం ఎలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది: "ఈ దావాను కంపెనీ గట్టిగా ఎదుర్కొంటోంది, మా వాదనలో బలం ఉందని భావిస్తున్నాం." ఇందులో లెక్కలకు పనికొచ్చే సమాచారం సున్నా. గట్టిగా ఎదుర్కోవడం అనేది మీరేం చేస్తున్నారో చెప్తుంది, ఏం జరగబోతోందో చెప్పదు. ఓడిపోబోయే కేసును కూడా గట్టిగానే ఎదుర్కొంటారు. లాయర్లను తప్పు పట్టను, తాము రాసింది రేపు ఎదుటి పక్షం చేతిలో పడుతుందేమో అని వాళ్ల భయం వాళ్లది. కానీ మీరు అడిగే తీరు మార్చితే వచ్చే జవాబు కూడా మారుతుంది.

"గెలుస్తామా?" అని అడగకండి. ఒక్కో కోరికకూ విడిగా అడగండి: మన మీద బాధ్యత పడే అవకాశం, పడకుండా ఉండే అవకాశం, ఈ రెండింట్లో ఏది ఎక్కువ? పడితే కోర్టు నిజంగా ఇచ్చే మొత్తం ఎంత నుంచి ఎంత మధ్యలో ఉండొచ్చు, అందులో ఎక్కువగా కనిపించే అంకె ఏది? మీ అభిప్రాయాన్ని మార్చగలిగేది ఏంటి, అది ఎప్పుడు బయటికి రావచ్చు? ఈ చివరి ప్రశ్నను వదలొద్దు. మన కేసులో దానికి జవాబుగా లాయరు "ల్యాబ్ రిపోర్టు, ఫిబ్రవరిలో" అని రాశారనుకోండి, లెక్కలు ఆమోదించేలోపు మళ్లీ ఒకసారి ఫోన్ చేయాలని మీకు అప్పుడే తెలిసిపోయింది.

రాతలో శాతాలు ఇవ్వడానికి ఒప్పుకోకపోతే ఫోన్లో మాట్లాడి, ఏం మాట్లాడుకున్నారో మీరే ఒక నోట్ రాసి ఫైల్లో పెట్టుకోండి, తేదీతో సహా. ఆడిటర్ ఎలాగూ లాయరుకు నేరుగా ఉత్తరం రాయొచ్చు, ఇద్దరికీ వేర్వేరు కథలు చెప్పినట్టు కనిపించకుండా చూసుకోండి.

లాయరు మాట ఒక సాక్ష్యం మాత్రమే, తుది మాట మేనేజ్‌మెంట్‌ది. లాయరు ఉత్తరంతో పాటు మీ ఫైళ్లు కూడా తిరగేయండి. నాకు ఒకసారి ఒక ఫైల్లో లాయరు "బాధ్యత పడే అవకాశం తక్కువ" అని రాసిన ఉత్తరం కనిపించింది, దాని వెనకే పిన్ చేసిన బోర్డు మినిట్స్‌లో మాత్రం రాజీకి ఎదుటి పక్షానికి ఒక మొత్తం ఇస్తామని అప్పటికే చెప్పినట్టు ఉంది. లాయరుకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. రాజీకి ఒక అంకె చెప్పాక, ఆ మేరకైనా డబ్బు పోయేలా ఉందని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది. ఏదో కేసు గోల వదిలించుకోవడానికే ఇస్తామన్నామనడం వినడానికి బాగానే ఉంటుంది, కానీ డబ్బు బయటికి పోతుందా అన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

ఇప్పుడు గీత గీయండి

ఐఏఎస్ 37 ప్రకారం ప్రొవిజన్ పెట్టాలంటే మూడు కావాలి: జరిగిపోయిన సంఘటన వల్ల ఇప్పుడు ఉన్న బాధ్యత, దాన్ని తీర్చడానికి డబ్బు బయటికి పోయే అవకాశం పోకపోవడం కంటే ఎక్కువగా ఉండటం, మొత్తాన్ని నమ్మదగ్గట్టు అంచనా వేయగలగడం. కోర్టు కేసుల్లో మొదటిదే తగువు, అసలు బాధ్యత ఉందా లేదా అన్నదే కోర్టులో తేలాల్సింది కదా. అందుకే ఆ ప్రమాణంలోనే చెప్పారు, అందుబాటులో ఉన్న సాక్ష్యమంతా చూసి, బాధ్యత ఉంది అనడానికే ఎక్కువ ఆస్కారం ఉంటే ఉన్నట్టే లెక్కపెట్టమని. మామూలు మాటల్లో యాభై శాతం దాటితే ప్రొవిజన్.

యాభై దాటకపోతే అది కంటింజెంట్ లయబిలిటీ. బ్యాలెన్స్ షీట్‌లోకి రాదు, నోట్స్‌లో చెప్పాలి. ఇక అవకాశం మరీ అత్యల్పం అయితే నోట్స్‌లో కూడా అక్కర్లేదు. ఈ 'అత్యల్పం'కి ప్రమాణం అంకె ఏదీ ఇవ్వలేదు, ఆఫీసుల్లో ఐదు, పది శాతం అని ఎవరి గీత వాళ్లు పెట్టుకుంటారు. పెట్టుకున్న గీతను ఏటా మార్చకుండా ఉంటే చాలు.

అమెరికా పద్ధతిలోనూ మూడు మెట్లే ఉన్నాయి గానీ, పై మెట్టు ఇంకొంచెం ఎత్తులో ఉంటుంది. అక్కడ ప్రొవిజన్‌కు నష్టం 'జరిగేలా ఉంది' అనిపించాలి, ఆచరణలో దాన్ని యాభై ఒకటి కంటే బాగా పైనే పెట్టుకుంటారు. అందువల్ల ఒకే దావాకు ఐఏఎస్ 37 పుస్తకాల్లో ప్రొవిజన్ ఉండి, అదే గ్రూపు అమెరికా పుస్తకాల్లో నోట్స్ మాత్రమే ఉండటం తప్పేమీ కాదు.

మన కేసు డిసెంబర్ 31కి ఇలా ఉందనుకోండి. 12 లక్షల ముక్క ఒప్పుకున్నదే, ప్రొవిజన్. 18 లక్షల ముక్కకు లాయరు "ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా నలభై శాతానికి మించి చెప్పలేను" అన్నారు, కాబట్టి నోట్స్. 60 లక్షల ముక్కకు ఒప్పందంలోని షరతు స్పష్టంగా ఉంది, అలాంటి షరతుల్ని ఆ కోర్టు కొట్టేసిన సందర్భం తనకు తెలియదన్నారు, కాబట్టి దాని గురించి ఏమీ రాయక్కర్లేదు.

నలభై శాతాన్ని 18తో గుణించకండి

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే లెక్కలు బాగా వచ్చినవాళ్లే ఇందులో పడతారు. నలభై శాతం అవకాశం, 18 లక్షలు, గుణిస్తే 7.2 లక్షలు, అంత ప్రొవిజన్ పెడితే మధ్యేమార్గంగా ఉంటుంది కదా అని. ఉండదు. ఒక్క కేసులో 7.2 లక్షలు అనే ఫలితం అసలు రాదు. వస్తే సున్నా, లేదంటే కోర్టు ఇచ్చే మొత్తం. ఒంటరి కేసుకు నిబంధన మెట్టులాంటిది, గీత దాటకపోతే ప్రొవిజన్ సున్నా, దాటితే ఎక్కువగా కనిపించే పూర్తి మొత్తం. నలభై తొమ్మిది నుంచి యాభై ఒకటికి వెళ్లినప్పుడు లాభం ఒక్కసారిగా పడిపోవడం చూడటానికి అన్యాయంగానే అనిపిస్తుంది, నాకూ అది అంతగా నచ్చదు, కానీ రూల్ అదే.

అవకాశాల్ని మొత్తాలతో గుణించి కూడటం మరో చోట సరైనది: ఒకే రకం చిన్న క్లెయిములు వందల్లో ఉన్నప్పుడు. అమ్మిన వెయ్యి వస్తువుల్లో కొన్ని తిరిగొస్తాయని తెలుసు, ఏవి తిరిగొస్తాయో తెలియదు, అప్పుడు సగటు నిజంగానే జరగబోయేదానికి దగ్గరగా ఉంటుంది. ఒక్క దావాకు సగటు లేదు.

మొత్తం విషయంలో ఇంకోటి. 'ఎక్కువగా కనిపించే మొత్తం' అంటే దావాలో రాసిన అంకె కాదు. దావా వేసేవాళ్లు ఎప్పుడూ పైనే వేస్తారు. అలాగని మీకు నచ్చిన కనీస అంకె కూడా కాదు. కోర్టు ఇచ్చే మొత్తం ఒక హద్దు నుంచి ఇంకో హద్దు మధ్య ఎక్కడైనా సమానంగా పడొచ్చు అనిపిస్తే, ఐఏఎస్ 37లో మధ్య అంకె తీసుకుంటారు, అమెరికా పద్ధతిలో కింది అంకె ప్రొవిజన్‌గా పెట్టి, దానిపైన ఇంకెంత పోవచ్చో నోట్స్‌లో చెప్తారు. "మొత్తం అంచనా వేయలేం కాబట్టి ప్రొవిజన్ పెట్టడం లేదు" అనే వాక్యం మాత్రం రాసేముందు రెండుసార్లు ఆలోచించండి. అంచనా వేయలేని పరిస్థితి అత్యంత అరుదు అని ప్రమాణమే చెప్తోంది. ఎదుటి పక్షం బిల్లులు జతచేసిన కేసులో ఆ మాట నిలవదు.

ఫిబ్రవరి 12: ల్యాబ్ రిపోర్టు వచ్చింది

మన కేసులో లెక్కలు ఇంకా ఆమోదం కాలేదు. రిపోర్టు వచ్చింది, సీలులో వాడిన రబ్బరు ఉండాల్సినంత గట్టిగా లేదని, లీకు అందువల్లేనని తేలింది. లాయరు ఫోన్ చేసి చెప్పారు, శుభ్రం చేసిన ఖర్చు మన మీద పడే అవకాశం ఇప్పుడు డెబ్బై శాతం అని.

రిపోర్టు ఫిబ్రవరిలో వచ్చింది కాబట్టి వచ్చే ఏడాది సంగతి అని మీకు అనిపించవచ్చు. కానీ రిపోర్టు కొత్తగా ఏమీ సృష్టించలేదు. రబ్బరు ఆగస్టులోనే మెత్తగా ఉంది, డిసెంబర్ 31న కూడా అలాగే ఉంది, మనకు తెలిసింది మాత్రం ఫిబ్రవరిలో. బ్యాలెన్స్ షీట్ తేదీకే ఉన్న పరిస్థితి గురించి లెక్కల ఆమోదానికి ముందు సాక్ష్యం దొరికితే ఆ సంవత్సరం లెక్కల్నే సర్దాలి. కాబట్టి 18 లక్షల ముక్క నోట్స్ నుంచి బ్యాలెన్స్ షీట్‌లోకి మారుతుంది. రిపోర్టు ఏప్రిల్‌లో వచ్చి ఉంటే, లెక్కలు అప్పటికే ఆమోదం పొంది ఉండేవి, మార్పు వచ్చే ఏడాదికి వెళ్లేది.

ఎంత పెట్టాలి? 18 లక్షల కోరికలో బిల్లులు జతచేసింది 13 లక్షలకే, మిగతా 5 లక్షలు "సిబ్బంది సమయం" అంటూ కాగితం లేకుండా రాసినవి. కోర్టు 11 నుంచి 14 లక్షల మధ్య ఇవ్వొచ్చు, 13 ఎక్కువగా కనిపిస్తోంది అన్నారు లాయరు. 13 పెట్టండి. మొత్తం ప్రొవిజన్ 12, 13 కలిపి 25 లక్షలు: వారంటీ, వ్యాజ్య నష్టాల ఖర్చు ఖాతాకు డెబిట్, ప్రొవిజన్ ఖాతాకు క్రెడిట్. ఏడాదిలోపే తేలిపోయేలా ఉంది కాబట్టి భవిష్యత్ మొత్తాన్ని ఇప్పటి విలువకు తగ్గించే పని ఇక్కడ లేదు, నాలుగైదేళ్లు నడిచే పెద్ద కేసైతే ఆ పని చేయాలి.

రిపోర్టు ప్రభావం అక్కడితో ఆగదు. మనకు ముందే తెలిసి నాసిరకం రబ్బరు వాడామని ఎదుటి పక్షం ఇప్పుడు వాదిస్తే, పోయిన లాభాల షరతు చెల్లదని కోర్టు అనే అవకాశం ఉందా అని లాయరును మళ్లీ అడిగారు. "ఇరవై శాతం దాకా ఉంది, ఇక అత్యల్పం అనలేను" అన్నారు. కాబట్టి మొన్నటిదాకా ఎక్కడా లేని 60 లక్షల ముక్క ఇప్పుడు నోట్స్‌లోకి వస్తుంది. ఒక ముక్క కదిలితే పక్క ముక్కను కూడా మళ్లీ చూడాలి అనేది అందుకే.

ఇన్సూరెన్స్ వస్తుంది కదా అని నెట్ చేయకండి

కంపెనీకి ఇలాంటి నష్టాలకు పాలసీ ఉందనుకుందాం, మొదటి 2 లక్షలు కంపెనీ భరించాలి. 13లో 11 ఇన్సూరెన్స్ వాళ్లే ఇస్తారు కదా, 2 లక్షలు మాత్రమే ప్రొవిజన్ పెడదాం అనకండి. కోర్టు కట్టమనేది మిమ్మల్ని, ఇన్సూరెన్స్ కంపెనీని కాదు. బ్యాలెన్స్ షీట్‌లో ప్రొవిజన్ 13గానే ఉండాలి. రావాల్సిన 11 లక్షల్ని విడిగా ఆస్తిగా చూపాలంటే అది వచ్చి తీరుతుందని దాదాపు ఖాయం కావాలి. వాళ్లు క్లెయిమ్ ఒప్పుకున్నట్టు రాతలో ఇస్తే సరే, "పరిశీలిస్తున్నాం" అన్న ఉత్తరం మాత్రమే ఉంటే ఆస్తిగా చూపకండి. గమనించారా, పోయే డబ్బుకు యాభై దాటితే చాలు, వచ్చే డబ్బుకు దాదాపు ఖాయం కావాలి. ఇందువల్ల కొన్నేళ్లలో ఖర్చు ముందు, రాబడి తర్వాత కనిపించి లెక్కలు వంకరగా అనిపిస్తాయి. అయినా అలాగే ఉంచాలి.

నోట్స్‌లో వాక్యం

"కంపెనీపై కొన్ని దావాలు ఉన్నాయి, వాటి ప్రభావం పెద్దగా ఉండదని మేనేజ్‌మెంట్ భావిస్తోంది." ఇది ఎవరి లెక్కల్లోకైనా అతికించగలిగే వాక్యం, చదివేవాడికి ఏమీ చెప్పదు. కంటింజెంట్ లయబిలిటీ నోట్‌లో ఉండాల్సినవి: దావా దేని గురించి, అంచనా వేయగలిగితే ఎంత ప్రభావం, ఏ విషయం తేలక ఆ అనిశ్చితి ఉంది, ఎక్కడి నుంచైనా తిరిగి రాబట్టుకునే వీలుందా. మన కేసుకు నేనైతే ఇలా రాస్తాను:

"ఆగస్టులో ఒక కొనుగోలుదారు ప్లాంటులో జరిగిన లీకుపై కంపెనీ మీద దావా నడుస్తోంది. సీళ్ల మార్పిడి, శుభ్రపరిచిన ఖర్చుల కింద 25 లక్షలకు ప్రొవిజన్ పెట్టాం. పోయిన లాభాల కింద కొనుగోలుదారు మరో 60 లక్షలు కోరుతున్నారు. ఒప్పందంలోని షరతు ప్రకారం ఈ బాధ్యత కంపెనీది కాదని మా వాదన. ఆ షరతు చెల్లుబాటు కోర్టులో తేలాల్సి ఉంది. ఈ మొత్తానికి ప్రొవిజన్ పెట్టలేదు. శుభ్రపరిచిన ఖర్చులపై ఇన్సూరెన్స్ క్లెయిమ్ పరిశీలనలో ఉంది, దాన్ని ఆస్తిగా చూపలేదు."

ఇక్కడ మేనేజింగ్ డైరెక్టరుకు టెన్షన్ పట్టుకుంటుంది, "మనం 13 లక్షలు పెట్టామని వాళ్లు చదివితే రాజీ బేరం 13 నుంచే మొదలవుతుంది" అని. ఆ భయం సహేతుకమే. అందుకు ఒక మినహాయింపు ఉంది, సమాచారం బయటపెడితే వివాదంలో మన పరిస్థితికి తీవ్రంగా హాని జరుగుతుందంటే, అత్యంత అరుదైన కేసుల్లో వివరాలు ఆపొచ్చు. అయినా వివాదం స్వభావం, వివరాలు ఆపామన్న సంగతి, ఎందుకు ఆపామన్నది చెప్పాలి. ఆపేది వివరాలనే, ప్రొవిజన్‌ని కాదు. అంకె దాచాలి కాబట్టి లయబిలిటీనే పెట్టను అనడానికి ఈ మినహాయింపు పనికిరాదు. అంత దూరం వెళ్లకముందు, ఒకే తరహా కేసుల ప్రొవిజన్లు కలిపి ఒకే అంకెగా చూపితే సరిపోతుందేమో చూడండి. కేసులు నాలుగైదు ఉంటే చాలావరకు దాంతోనే గడుస్తుంది.

ప్రతిసారీ మళ్లీ మొదటినుంచి

నిరుటి నోట్‌ను కాపీ చేసి తేదీ మార్చడం ఎంత మామూలో, అంత ప్రమాదం. నేను చూసిన ఒక కంపెనీ లెక్కల్లో ఒక దావా మూడేళ్లు వరసగా అదే వాక్యంతో, అదే అంకెతో ఉంది. మూడో ఏట నోట్ రాసేనాటికే కింది కోర్టు తీర్పు వ్యతిరేకంగా వచ్చేసి కంపెనీ అప్పీలు చేసి ఉంది. అప్పీలు చేశాం కాబట్టి ఇంకా తేలలేదన్నారు. తీర్పు వ్యతిరేకంగా వస్తే అప్పీలులో అది మారుతుందనడానికి కొత్త కారణం చూపగలగాలి, చట్టంలోని ఏ అంశం మీద, ఏ ఆధారంతో అని. అది చూపగలిగితే నోట్స్‌లో ఉంచొచ్చు. అక్కడ ఎవరి దగ్గరా అలాంటి కాగితం లేదు.

అందుకని ప్రతి రిపోర్టింగ్ తేదీకి లాయరుకు కొత్త ఉత్తరం, ప్రతి ముక్కకూ కొత్త నిర్ణయం. కేసు బలపడి అవకాశం యాభై కిందికి దిగితే ప్రొవిజన్‌ను తిరిగి లాభంలోకి తీసుకుని, నోట్స్‌లోకి మార్చాలి. ఒక కేసుకు పెట్టిన ప్రొవిజన్‌ను వేరే ఖర్చుకు వాడుకోకూడదు. మంచి ఏడాదిలో దండిగా పెట్టి చెడ్డ ఏడాదిలో వదలడం అన్న ఆటను ఆడిటర్లు మొదట వెతికేది ఇక్కడే.

మన సీళ్ల కేసు మరుసటి ఏడాది జూన్‌లో రాజీ అయిందనుకోండి. కొత్త సీళ్లకు అనుకున్నట్టే 12 లక్షలు అయ్యాయి, శుభ్రపరిచిన ఖర్చు కింద 14 లక్షలకు ఒప్పందం కుదిరింది, పోయిన లాభాల కోరికను ఎదుటి పక్షం వదులుకుంది. ప్రొవిజన్ 25, అయింది 26. ఆ తేడా లక్షను ఈ ఏడాది ఖర్చుగానే రాయండి, పాత సంవత్సరం లెక్కలు తెరవక్కర్లేదు, ఎందుకంటే మార్చి 20న ఉన్న సమాచారంతో 13 అనేది న్యాయమైన అంచనాయే. మార్చి 20కి ముందే 14కి రాజీ కుదిరి ఉండి, ఆ కాగితం ఎవరి సొరుగులోనో ఉండిపోయి మీరు 13 పెట్టి ఉంటే మాత్రం అది అంచనా మారడం కాదు, తప్పు. పెద్ద మొత్తమైతే పాత సంవత్సరపు అంకెల్నే సరిదిద్దాల్సి వచ్చేది. 60 లక్షల నోట్‌ను ఈ ఏడాది లెక్కల్లోంచి తీసేయండి.